జెమినిడ్ ఉల్కల రాత్రికి లెక్క వేసుకోవడం: తిరుపతి వాళ్ల కోసం

2024 డిసెంబరు 14 రాత్రి మేం నలుగురం చంద్రగిరి అవతల ఒక మామిడి తోట గట్టు మీద మూడు గంటలు పడుకుని పదకొండు ఉల్కలు చూశాం. పేపర్లో మాత్రం ‘గంటకు 150’ అని వేశారు. తేదీ దాదాపు సరైనదే, మబ్బు లేదు, చలికి కంబళ్లు కూడా తీసుకెళ్లాం. కానీ మరుసటి రోజు పౌర్ణమి. వెన్నెల ఎంతగా కాసిందంటే మామిడాకుల నీడలు నేల మీద లెక్కపెట్టేంత స్పష్టంగా పడ్డాయి. అలాంటి ఆకాశంలో మరీ పెద్ద ఉల్క తప్ప ఇంకేదీ కంటికి ఆనదు.

తేదీ ఒక్కటే చూసుకుని బయల్దేరకూడదని నాకు ఆ రాత్రి తెలిసొచ్చింది. చీకటి ఎప్పుడు పూర్తిగా పడుతుంది, చంద్రుడు ఎప్పుడు లేస్తాడు లేదా ఎప్పుడు అస్తమిస్తాడు, ఉల్కలు వచ్చే వైపు నక్షత్రం ఎప్పుడు పైకొస్తుంది అన్న మూడు వేళలు తెలియాలి. ఈ మూడూ కలిసొచ్చే గంటలే మన రాత్రి. 2026 డిసెంబరు 14 రాత్రిని ఉదాహరణగా పెట్టుకుని ఆ లెక్క మొత్తం ఇక్కడ వేసి చూపిస్తాను. చంద్రుడి విషయంలో అది చాలా మంచి రాత్రి.

ఈ ఉల్కలు ఎందుకు?

ఏడాదిలో వచ్చే ఉల్కాపాతాల్లో మన ప్రాంతానికి బాగా కలిసొచ్చేది డిసెంబరు నడిమధ్యలో వచ్చే జెమినిడ్లు. ఆగస్టులో వచ్చే పెర్సీడ్లకు పేరు ఎక్కువే గానీ, అవి వెలువడే చోటు బాగా ఉత్తరాన ఉండటం వల్ల తిరుపతి నుంచి చూస్తే ఆకాశంలో సగం ఎత్తు కూడా దాటదు. పైగా అది వానాకాలం. జెమినిడ్ల కేంద్రం అలా కాదు, దాదాపు నడినెత్తి దాకా వస్తుంది. ఇవి ఫేథాన్ అనే గ్రహశకలం దారిలో వదిలిన రాతి పొడి. 1983లో కనుక్కున్న ఆ శకలం దారిని భూమి ఏటా డిసెంబరులో దాటుతుంది. రేణువులు సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొస్తాయి. వినడానికి ఎక్కువ అనిపించినా, ఉల్కల్లో ఇది నింపాది వేగమే. అందుకే ‘అదిగో’ అని పక్కవాళ్లకు చూపించేలోపు కూడా కొన్ని ఇంకా సాగుతూనే ఉంటాయి.

అవి వెలువడుతున్నట్టు కనిపించే చోటును, అంటే ఆ కేంద్రాన్ని, రేడియంట్ అంటారు. జెమినిడ్ల రేడియంట్ ఎక్కడో కొత్తగా వెతకక్కర్లేదు. పంచాంగంలో రోజూ చదివే పునర్వసు నక్షత్రం పక్కనే ఉంది, మిథున రాశిలో పక్కపక్కన మెరిసే జంట చుక్కల దగ్గర.

మొదటి వేళ: చీకటి

డిసెంబరు నడిమధ్యలో తిరుపతిలో సుమారు 5.46కి పొద్దు గూకుతుంది. కానీ పొద్దు గూకడం వేరు, చీకటి పడటం వేరు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీలు కిందకు దిగితే తప్ప ఆకాశంలో ఆ వెలుగు పూర్తిగా పోదు. మన అక్షాంశంలో సూర్యుడు నిటారుగా దిగుతాడు కాబట్టి అందుకు గంటా పావు చాలు. అంటే సుమారు 7.05కి అసలు చీకటి. తెల్లవారుజామున ఇదే తిరగబడుతుంది. సూర్యోదయం 6.27కి అయితే, తూర్పున తెలుపు సుమారు 5.10కే మొదలవుతుంది. సూర్యాస్తమయానికి గంటా పావు కలపడం, సూర్యోదయంలోంచి గంటా పావు తీసేయడం అన్న ఈ ఒక్క సూత్రం మన జిల్లాల్లో ఏడాది పొడుగునా అయిదారు నిమిషాల తేడాతో పనికొస్తుంది.

రెండో వేళ: చంద్రుడు, తిథి లెక్కతో

దీనికి యాప్ అక్కర్లేదు, గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. భూమి 12 డిగ్రీలు తిరగడానికి 48 నిమిషాలు పడుతుంది. కాబట్టి తిథికి 48 నిమిషాల చొప్పున చంద్రుడు వెనకబడుతూ పోతాడు.

శుక్ల పక్షంలో చంద్రుడు సాయంత్రం ఆకాశంలోనే ఉంటాడు కాబట్టి మనకు కావలసింది అస్తమయం. తిథి సంఖ్యను 48తో గుణించి సూర్యాస్తమయానికి కలపాలి. బహుళ పక్షంలో కావలసింది ఉదయం. అక్కడా అదే గుణకారం, అదే కూడిక. బహుళ అష్టమి అయితే ఎనిమిది నలభైయెనిమిదులు 384 నిమిషాలు, అంటే ఆరు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. 5.46కి కలిపితే 12.10. అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి లేస్తాడని పెద్దవాళ్లు అనేది ఇదే.

2026కి వేద్దాం. ఆ డిసెంబరులో అమావాస్య 9న. 14వ తేదీ మార్గశిర శుద్ధ పంచమి, సుబ్రహ్మణ్య షష్ఠికి ముందు రోజు. అయిదు నలభైయెనిమిదులు 240 నిమిషాలు, సరిగ్గా నాలుగు గంటలు. 5.46కి కలిపితే 9.46కి చంద్రాస్తమయం అని వస్తుంది. ఖచ్చితంగా గణిస్తే పది దాటాక అయిదు నిమిషాల ప్రాంతంలో ఉంటుంది. ఇరవై నిమిషాల తేడా. చంద్రుడి వేగం రోజూ ఒకేలా ఉండదు, దారీ వంకరే, అందుకే ఈ తేడా. అరగంట అటూ ఇటూ అనుకుని పథకం వేసుకుంటే సరిపోతుంది. నిమిషాలతో సహా కావాలంటే Stellarium వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థలాన్ని 13.63 ఉత్తరం, 79.42 తూర్పు అని ఇచ్చి చూడండి. స్థలం ఇవ్వకుండా వదిలేస్తే అది వేరే ఊరి వేళ చూపించవచ్చు.

రెండు చోట్ల జనం తప్పులో కాలేస్తారు. క్యాలెండర్ గడిలో రాసిన తిథి సూర్యోదయానికి ఉన్న తిథి. అది మధ్యాహ్నానికే అయిపోయి రాత్రికి తర్వాతి తిథి నడుస్తూ ఉండవచ్చు. పక్కనే ‘ఇన్ని గంటల వరకు’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది చదివి రాత్రికి ఏ తిథి ఉంటుందో దాన్నే లెక్కకు తీసుకోండి. ఇక రెండోది అర్ధరాత్రి తేదీ. ‘డిసెంబరు 14, రాత్రి 2 గంటలు’ అంటే 13వ తేదీ రాత్రి భోంచేసి బయల్దేరితే వచ్చే రెండు గంటలు. మా బంధువుల అబ్బాయి ఒకసారి సరిగ్గా ఇక్కడే పొరబడి, ఉల్కలు తగ్గిపోయాక మరుసటి రాత్రి వెళ్లి ఖాళీ ఆకాశం చూసొచ్చాడు. నేనెప్పుడూ రెండు తేదీలూ కలిపే రాసుకుంటాను: ‘14 సోమవారం రాత్రి, తెల్లవారితే 15’.

మూడో వేళ: పునర్వసు ఎత్తు

డిసెంబరు 14న రేడియంట్ సుమారు 7.30కి ఈశాన్యాన లేస్తుంది. లేచింది కదా అని అప్పుడే ఉల్కలు కురవవు. కేంద్రం దిగంతం దగ్గరున్నంతసేపు చాలా భాగం మన దిగంతానికి అవతల పడతాయి. పదింటికి అది 30 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే అప్పటికి పూర్తి జోరులో సగం. అర్ధరాత్రికి 55 డిగ్రీలు దాటుతుంది. రెండు గంటల ప్రాంతంలో 70 డిగ్రీలతో నడినెత్తికి కాస్త ఉత్తరంగా నిలబడుతుంది. అక్కడి నుంచి మెల్లగా పడమటికి వాలుతుంది.

ఇప్పుడు ఒక కాగితం మీద సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఆరు దాకా అడ్డంగా గీత గీసి, గంటకో గుర్తు పెట్టి ఈ వేళలన్నీ వేయండి. నా నోటుబుక్కులో 2026 పేజీ ఇలా ఉంది:

5.46 పొద్దు గూకడం
7.05 పూర్తి చీకటి
7.30 పునర్వసు వైపు కేంద్రం ఉదయం
10.05 చంద్రాస్తమయం
2.05 కేంద్రం అన్నిటికన్నా ఎత్తులో
5.10 తూర్పు తెలుపు

చంద్రుడు దిగిపోయిన పదిన్నర నుంచి అయిదు దాకా ఆరున్నర గంటలు మనవి. నిద్ర మానుకోలేనివాళ్లు అందులో పన్నెండు నుంచి మూడు దాకా ఉంటే చాలు. పదింటికి ముందు కూడా పంచమి చంద్రుడు సన్నటివాడే, పడమట కిందుగానే ఉంటాడు కాబట్టి మరీ ఇబ్బంది పెట్టడు. పిల్లలున్నవాళ్లు తొమ్మిదికే మొదలుపెట్టవచ్చు. ఆ వేళ తక్కువే కనిపిస్తాయి గానీ, కేంద్రం కిందుగా ఉన్నప్పుడు వచ్చేవి గాలి పైపొరను రాసుకుంటూ పోయి ఆకాశంలో పొడవాటి గీతలు గీస్తాయి. వాటి కోసమే నేను తొమ్మిదికి పక్క పరుస్తాను.

2026లో ఉధృతి 14వ తేదీ సాయంత్రం ప్రాంతంలో వస్తుంది కాబట్టి 14 రాత్రే మొదటి ఎంపిక. 13 రాత్రి కూడా బాగానే ఉంటుంది, చంద్రుడు ఇంకా ముందే, తొమ్మిదిన్నర లోపే దిగిపోతాడు. 15 రాత్రికి మాత్రం జోరు బాగా పడిపోతుంది. జెమినిడ్లు మెల్లగా పెరిగి, శిఖరం దాటాక గబుక్కున తగ్గుతాయి.

‘గంటకు 150’ అంటే ఎంత?

ఆ సంఖ్య నడినెత్తిన కేంద్రం, ఒక్క దీపం వెలుగు కూడా సోకని ఆకాశం ఉంటే కనిపించే లెక్క. ఒక మాదిరి చీకటి పల్లెలో అర్ధరాత్రి వేళ గంటకు 40 నుంచి 50 ఆశించవచ్చు. అదే రాత్రి తిరుపతి ఊరి మధ్య మిద్దె మీద పడుకుంటే పది వస్తే గొప్ప. ఊరి దీపాల వెలుగు, పౌర్ణమి వెన్నెల చేసే నష్టం ఇంచుమించు ఒకటే. రెండూ సన్న ఉల్కలను మింగేస్తాయి, ఉల్కల్లో ఎక్కువ భాగం సన్నవే. చంద్రుడు లేని రాత్రి ఎంచుకుని ఊళ్లోనే ఉండిపోతే ఆ లెక్కంతా వృథా.

వెళ్లిన చోట చీకటి సరిపోతుందో లేదో పిల్లలకోడిని చూసి చెప్పవచ్చు. నడినెత్తి దగ్గర గుంపుగా కనిపించే కృత్తికలే పిల్లలకోడి. మసకగా ఒక మచ్చలా కనిపిస్తే ఇంకా ముందుకెళ్లాలి. ఆరు చుక్కలు విడివిడిగా లెక్కపెట్టగలిగితే అక్కడే పక్క పరవండి.

ఎక్కడికి?

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలు, తూర్పున రేణిగుంట నుంచి ఆగ్నేయంగా చెన్నై దారి పొడవునా వెలుగులు. ఊరికి దక్షిణంగా వెళితే తిరుపతి వెలుగు సరిగ్గా మనం చూడాల్సిన ఉత్తరం, ఈశాన్యం వైపే పొగలా లేస్తుంది. అందుకే నేను మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ దాటి, చిన్నగొట్టిగల్లు, ఎర్రావారిపాలెం వైపు పల్లెలను ఎంచుకుంటాను. అక్కడి నుంచి తిరుపతి వెలుగు తూర్పు, ఆగ్నేయాల మధ్య, కొండల చాటున ఉండిపోతుంది. ఉత్తరాన అంతా అడవే, దీపం ఉండదు. ఘాట్ మలుపులు ప్రమాదకరం కాబట్టి వెలుతురు ఉండగానే దాటేయండి, తిరుగు ప్రయాణం తెల్లవారాకే పెట్టుకోండి.

అడవిలోకి మాత్రం వెళ్లొద్దు. తలకోన చుట్టుపక్కల చిరుతలు తిరుగుతాయి. పలమనేరు, కుప్పం వైపు రాత్రిపూట ఏనుగులు చేలల్లోకి దిగుతాయి. కాబట్టి తెలిసినవాళ్ల ఊళ్లో, ఇళ్లకు దగ్గరగా, వాళ్లకు చెప్పి పడుకోండి. మామిడి తోట పనికిరాదు, కొమ్మలు ఆకాశాన్ని సగం మూసేస్తాయి. కోత అయిపోయిన చెనిక్కాయల చేను, కళ్లం, లేదా వీధి దీపం పడని మిద్దె బాగుంటాయి. చెరువు కట్ట మీద దృశ్యం బాగుంటుంది గానీ, తెల్లవారుజామున నీటి మీద మంచు లేచి మొదట మనల్నే కప్పేస్తుంది.

మొదటిసారి ఆ వైపు వెళ్లినప్పుడు ఇంటాయన మమ్మల్ని చూసి, “ఏం అన్నా, చుక్కలు రాలేది చూసేదానికి ఇంత దూరమొచ్చినారా? మాకు దినామూ రాల్తానే ఉంటాయే!” అన్నాడు. చెప్పిన మాట నిజమే. ఏ ఉల్కాపాతమూ లేని రోజు కూడా అంత చీకట్లో గంటకు నాలుగైదు రాలతాయి. ఆయనే నులక మంచం తెచ్చి వేశాడు. అప్పటి నుంచి నాకు దానికి మించిన సాధనం లేదు. నేల మీద పడుకుంటే రెండింటికల్లా మంచుకు దుప్పటి కింద నుంచి తడిసిపోతుంది. మంచం మీద పైన కప్పిన కంబళి ఒక్కటే తడుస్తుంది.

ఆ రాత్రి

మంచాన్ని తల నైరుతిగా, కాళ్లు ఈశాన్యంగా వేయండి. చూపు పునర్వసు మీదే నిలపకండి. కేంద్రం దగ్గర పడే ఉల్కలు మన వైపే వస్తాయి కాబట్టి గీతలు పొట్టిగా, చుక్కల్లా ఉంటాయి. దానికి నలభై, యాభై డిగ్రీలు పక్కగా, నడినెత్తి ప్రాంతంలో చూపు ఉంచితే పొడవాటివి దొరుకుతాయి. చాచిన చేతి పిడికిలి పది డిగ్రీలు, నాలుగైదు పిడికిళ్లు కొలుచుకోండి. పునర్వసు ఎక్కడుందో తెలియకపోతే ముందు వరసగా మూడు చుక్కల గొల్లకావడిని పట్టుకోండి, దానికి ఈశాన్యాన కనిపించే జంట చుక్కలే పునర్వసు. పదిన్నర ప్రాంతంలో తూర్పున మినుకుమనకుండా వెలుగుతూ పెద్ద చుక్క ఒకటి లేస్తుంది. అది గురుడు. దాన్ని పునర్వసు అనుకోవద్దు.

కంటికి చీకటి అలవాటు కావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి ఫోన్ తెర వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. పదిమందిలో ఒక్కరు ఫోన్ తీసినా చుట్టుపక్కల అందరికీ అదే నష్టం, కాబట్టి ముందే మాట అనుకోండి. టార్చికి ఎర్ర గాజు కాగితం రెండు మూడు పొరలు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే నోటుబుక్కు చూసుకోవడానికి సరిపోతుంది. టెలిస్కోపు, బైనాక్యులర్ దీనికి పనికిరావు. ఉల్క ఎక్కడ రాలుతుందో ముందు తెలియదు, ఎక్కువ ఆకాశం కనిపించే వట్టి కళ్లే కావాలి.

ప్రతి ఉల్కనూ వెనక్కి సాగదీసి చూడండి. గీత పునర్వసు వైపు వెళితే జెమినిడ్, లేకపోతే మామూలుది. పావుగంటకో గీత గీసి రెండింటినీ విడిగా లెక్కపెట్టండి. పావుగంటకు పది వచ్చి, తర్వాతి పావుగంటలో రెండే వస్తే కంగారు పడొద్దు. ఉల్కలు లైను కట్టి రావు. కానీ గంటసేపు తక్కువే వస్తుంటే పిల్లలకోడిని మళ్లీ లెక్కపెట్టండి. ఆరు చుక్కలు నాలుగయ్యాయంటే కంటికి తెలియని పలచటి మబ్బు కమ్మింది, లేదా మంచు లేచింది.

మబ్బు

చంద్రుడి లెక్క ఏళ్ల ముందే తెలుస్తుంది, మబ్బు సంగతి ముందు రోజు గానీ తెలియదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2022లో మాండూస్ తుపాను తీరం దాటింది డిసెంబరు 9 రాత్రి, జెమినిడ్లకు నాలుగైదు రోజుల ముందు. కాబట్టి 13, 14 రెండు రాత్రులూ ఖాళీగా ఉంచుకోండి. 13 మధ్యాహ్నం నుంచి mausam.imd.gov.in లో ఉపగ్రహ చిత్రాలు వరసగా చూస్తూ, బంగాళాఖాతం నుంచి మబ్బు పట్టీ తీరం వైపు కదులుతోందో లేదో గమనించండి. అది కదులుతుంటే 14 కోసం ఆగకుండా ఆ 13 రాత్రే వెళ్లిపోండి. శిఖరం కన్నా తెరిపి ముఖ్యం. తూర్పున మబ్బుంటే ఘాట్ దాటి పడమటికి వెళ్లే కొద్దీ తెరిపి దొరికే అవకాశం ఎక్కువ. హార్సిలీ హిల్స్ మంచి చోటే గానీ, 1,200 మీటర్లకు పైబడిన ఎత్తు కాబట్టి తేమగా ఉన్న రాత్రి ఆ కొండే మబ్బులో ఉంటుంది.

వేరే ఏళ్లకు

ఇదే కాగితం మీద 2025 డిసెంబరు 13 రాత్రిని వేస్తే బహుళ దశమి. పది నలభైయెనిమిదులు ఎనిమిది గంటలు, అంటే రెండింటికి కాస్త అటూ ఇటూ చంద్రోదయం. ఆ ఏడాది మేం తొమ్మిదికి మొదలుపెట్టి, రెండు దాటి తూర్పున ఎర్రటి వెలుగు కనిపించగానే మంచాలు మడిచేశాం. 2027లో పౌర్ణమి సరిగ్గా డిసెంబరు 13న వస్తుంది, 2024 కథే మళ్లీ. ఆ ఏడాదికి నేను చేను వెతకను. మా మిద్దె మీదే నీళ్ల ట్యాంకు నీడలో చంద్రుడికి వీపు పెట్టి ఒక గంట కూర్చుంటాను, పెద్దవి నాలుగైదు కనిపిస్తే చాలు. 2028లో అమావాస్య డిసెంబరు 16న. 13 రాత్రికి బహుళ త్రయోదశి నడుస్తుంది. పదమూడు నలభైయెనిమిదులు పది గంటల ఇరవై నాలుగు నిమిషాలు, సూర్యాస్తమయానికి కలిపితే తెల్లవారుజామున నాలుగు దాటాక సన్నటి నెలవంక. ఆ పేజీలో చీకటి గీత 7.05 నుంచి నాలుగు దాకా ఒక్క చోటా తెగకుండా సాగింది.